తడిసిన ఆరు బస్తాలు: ఒక ఫోను రికార్డింగు కోర్టులో నిలబడిన తీరు

ఇది గజపతి జిల్లాలో నడిచిన ఒక చిన్న డబ్బు దావా. కక్షిదారులను గుర్తుపట్టే వీలు లేకుండా ఊళ్లు, తేదీలు, మొత్తాలు కొంత మార్చాను. సాక్ష్యం నడిచిన తీరు మాత్రం ఉన్నదున్నట్టే రాస్తున్నాను. వాట్సాప్ చాట్లు, ఒక కాల్ రికార్డింగు, కొన్ని ఫొటోలు మూడూ ఒకే కేసులో రావడం, వాటిలో ప్రతిదానికీ వేరే రకం చిక్కు ఎదురవడం వల్ల దీన్ని రాయాలనిపించింది.

నేపథ్యం

మా కక్షిదారు ఒడిశా వైపు కొండ దిగువన ఉండే చిరువ్యాపారి. వేసవిలో తోటల నుంచి జీడి పిక్కలు కొని, ఎండబెట్టి, సరిహద్దు దాటించి పలాస వైపు కర్మాగారాలకు అమ్ముతాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదువుకున్నది ఒడియా మీడియంలో. అందుకే ఫోనులో తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేస్తాడు. ఈ ప్రాంతంలో అది మామూలే.

2023 ఏప్రిల్ 29న ఒక కర్మాగారం యజమానికి 80 కిలోల బస్తాలు 60 తోలాడు. బస్తా ధర 8,400 రూపాయలు, మొత్తం 5,04,000. మే మొదటి వారంలో 2,60,000 బ్యాంకు ద్వారా వచ్చింది. మిగిలిన 2,44,000 ఇదిగో అదిగో అంటూ సాగి, చివరికి ఆగిపోయింది. రాసుకున్న ఒప్పందం లేదు, బిల్లు లేదు. చేతిలో ఉన్నది కర్మాగారం ఇచ్చిన కాటా చీటీ ఒక్కటే. అందులో బస్తాల సంఖ్య, బరువు ఉన్నాయి, ధర లేదు.

2024 ఆగస్టులో దావా పడింది. సరుకు అప్పగింత అవతలి రాష్ట్రంలోనే అయినా బేరం ఇక్కడ కుదిరింది, డబ్బు ఇక్కడి ఖాతాకు రావాలి. అందుకని ఇక్కడి సివిల్ కోర్టులోనే వేశారు. వడ్డీతో కలిపినా మొత్తం మూడు లక్షలు దాటలేదు కాబట్టి వాణిజ్య కోర్టు ప్రసక్తి రాలేదు.

ప్రతివాది జవాబులో మూడు మాటలు ఉన్నాయి. సరుకు తడిసి బూజు పట్టింది, అందుకు ఫొటోలున్నాయి. ధర తగ్గించుకోవడానికి వాది ఒప్పుకున్నాడు కాబట్టి బాకీ ఏమీ లేదు. ఆ వాట్సాప్ నంబరు తనది కాదు.

మొదట దాఖలైనవి, వాటికి పట్టిన గతి

కేసు నా దగ్గరకు వచ్చేసరికి వాది ముఖ్య సాక్ష్యం అఫిడవిట్ దాఖలై ఉంది. దానితో పాటు చాట్ల స్క్రీన్‌షాట్ల ప్రింట్లు, వాట్సాప్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసిన టెక్స్ట్ ఫైలు ప్రింటు, కాల్ రికార్డింగు ఉన్న ఒక సీడీ, పాత సాక్ష్య చట్టంలో ఎలక్ట్రానిక్ నకళ్ల కోసం ఉన్న 65బి సెక్షన్ పేరుతో ఒక సర్టిఫికెట్ కూడా ఉన్నాయి. సర్టిఫికెట్ మీద సంతకం చేసింది సీడీ రాసిపెట్టిన జిరాక్స్ షాపు యజమాని.

మార్కింగ్ రోజునే, అంటే దాఖలైన వాటిని కోర్టు సాక్ష్యంగా నంబరు వేసి తీసుకునే రోజునే, ప్రతివాది లాయరు అభ్యంతరం చెప్పాడు. ఆ సమయం ముఖ్యం. రుజువు చేసిన పద్ధతి మీద అభ్యంతరాన్ని పత్రం మార్క్ అయ్యేటప్పుడే చెప్పాలని, తర్వాత లేవనెత్తితే చెల్లదని 2017లో సోను కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన ఊరుకుని ఉంటే మా పని సులువయ్యేది. ఊరుకోలేదు.

అభ్యంతరాలు గట్టివే. 2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లోకి వచ్చింది. ఆ తేదీకి ముందే పెండింగులో ఉన్న కేసులకు పాత చట్టమే వర్తిస్తుంది, తర్వాత వేసిన దావాకు కొత్తదే. మనది ఆగస్టు దావా. కాబట్టి కావలసింది 63వ సెక్షన్ సర్టిఫికెట్. అది రెండు భాగాలు. ‘ఎ’ భాగాన్ని ఆ పరికరం ఎవరి అధీనంలో ఉందో వారు, ‘బి’ భాగాన్ని నిపుణుడు ఇవ్వాలి. రెండింటిలోనూ ఫైలుకు వేలిముద్ర లాంటి హ్యాష్ విలువ రాయాలి. జిరాక్స్ షాపు యజమానికి ఆ ఫోనుతో గానీ, సంభాషణతో గానీ ఏ సంబంధమూ లేదు. ఆయన చెప్పగలిగింది తనకిచ్చిన ఫైలును సీడీకి ఎక్కించానని మాత్రమే.

స్క్రీన్‌షాట్లలో పైన కనిపించేది నంబరు కాదు, మా వాడు ఫోనులో సేవ్ చేసుకున్న పేరు. ‘పలాస షావుకారు’ అని ఎవరి నంబరునైనా సేవ్ చేసుకోవచ్చు. ఎక్స్‌పోర్ట్ చేసిన టెక్స్ట్ ఫైలులోనూ అదే పేరు వస్తుంది. పైగా అది మామూలు టెక్స్ట్. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదుటి లాయరు అడిగింది ఒక్కటే: “ఈ ఫైలులో నేను ఒక అంకె మార్చి మళ్లీ ప్రింటు తీస్తే, మారిందని మీరు కనిపెట్టగలరా?” మా వాడు నిజాయితీగా “కనిపెట్టలేనండి” అన్నాడు. చెప్పదగ్గ జవాబు అదే. కానీ ఆ కాగితం విలువ అక్కడితో పోయింది.

సీడీ సంగతి ఇంకా అన్యాయం. అందులోని రికార్డింగు నిడివి 1 నిమిషం 40 సెకన్లు. “నీ రెండు లక్షల నలభై నాలుగు వేలూ ఎక్కడికీ పోవు, దసరా లోపు ఇచ్చేస్తాను” అనే మాట దగ్గర మొదలై, చివర ఒక వాక్యం మధ్యలో తెగిపోతుంది. చెవితో విన్నవాడికే అది కోసిన ముక్కని తెలుస్తుంది. కోర్టు ఆ సీడీని, ప్రింట్లను మార్క్ చేయడానికి ఒప్పుకోలేదు.

మూలం ఎక్కడుంది

సర్టిఫికెట్ ఒకటి మంచిది తెచ్చి పెడితే సరిపోతుందని మా కక్షిదారు అనుకున్నాడు. సర్టిఫికెట్ రాయాలంటే ముందు ఏ వస్తువుకు రాస్తున్నామో తెలియాలి. అందుకని ఒక్కో దానికీ మూడు ప్రశ్నలు వేసుకున్నాను. ఇది మొట్టమొదట ఏ పరికరంలో పుట్టింది? అక్కడి నుంచి ఇక్కడి దాకా ఎలా వచ్చింది? ఆ దారి గురించి బోనెక్కి చెప్పగలిగేది ఎవరు?

ఈ ప్రశ్నలు ఎందుకంటే, ఈ రంగంలో చట్టం చుట్టూ తిరిగి చివరికి నిలిచింది మూలానికీ నకలుకూ ఉన్న తేడా మీదే. 2014లో అన్వర్ కేసులో, నకలు పెట్టేవారు సర్టిఫికెట్ ఇచ్చి తీరాలని సుప్రీంకోర్టు అంది. 2018లో షఫీ మహమ్మద్ కేసులో కొంత సడలించింది. 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సడలింపును కొట్టేసి, మూడు మాటలు తేల్చింది. అసలు పరికరాన్నే దాని యజమాని బోనెక్కి చూపిస్తే సర్టిఫికెట్ అక్కర్లేదు. నకలు పెడితే తప్పనిసరి. సర్టిఫికెట్ ఇవ్వాల్సినవారు ఇవ్వకపోతే కోర్టు ద్వారా తెప్పించుకోవచ్చు, విచారణ ముగిసేలోగా ఆలస్యంగానైనా దాఖలు చేయవచ్చు. అవి పాత చట్టం కింద చెప్పిన మాటలు. కొత్త చట్టం 57వ సెక్షన్‌లో, సరైన కస్టడీ నుంచి వచ్చిన ఎలక్ట్రానిక్ రికార్డును ఎవరూ వివాదం చేయకపోతే ప్రాథమిక సాక్ష్యంగా, అంటే మూలంగానే, తీసుకోవచ్చని వివరణ చేర్చారు. మా కేసులో వివాదం మొదటి రోజునే మొదలైంది కాబట్టి దాని మీద ఆధారపడే ప్రశ్నే లేదు.

మా వాడిని కూర్చోబెట్టి అడిగితే బయటపడినది ఇది. సంభాషణలు జరిగినప్పటి ఫోను డిసెంబరులో కిందపడి తెర పోయింది. అదే సిమ్‌తో కొత్త ఫోను కొన్నాడు. గూగుల్ డ్రైవ్ బ్యాకప్ నుంచి వాట్సాప్‌ను కొత్త దాంట్లోకి దించుకున్నాడు. స్క్రీన్‌షాట్లన్నీ కొత్త ఫోనులో తీసినవి. అంటే చాట్లు ఇప్పుడున్న ఫోనులో పుట్టలేదు.

రికార్డింగు దారి వేరు. పాత ఫోనులో రికార్డింగు యాప్ కాల్స్‌ను నేరుగా మెమరీ కార్డులోకే రాసేది. ఆ కార్డును పాత ఫోనులోనే వదిలేసి, ఫోనును బీరువాలో పెట్టాడు. కొత్త ఫోనులో ఉన్నది, తెర పోకముందే వాట్సాప్‌లో బంధువులకు పంపడానికని కత్తిరించిన ముక్క. “మిగతాది అనవసరం కదండీ” అన్నాడు. నాకు ఊపిరి పీల్చుకున్నట్టయింది. రికార్డింగు పుట్టిన వస్తువు ఇంకా ఉంది, మా వాడి చేతిలోనే ఉంది.

కార్డును ఎవరి కంప్యూటర్‌లోనూ ఊరికే తెరవనివ్వలేదు. విండోస్ కంప్యూటర్‌లో పెడితే చాలు, అది తన సొంత ఫోల్డర్లు రాసే వీలుంది. చిన్న కార్డును అడాప్టర్‌లో పెట్టి, పక్కనున్న లాక్ మీటను కిందికి జరిపి, ఆ తర్వాతే తెరిపించాను. నిపుణుడి సమక్షంలో హ్యాష్ తీశాం:

```
certutil -hashfile E:\REC\call_190623.m4a SHA256
```

తెర మీద 64 అక్షరాల వరస వస్తుంది. ఫైలు పేరు మార్చినా ఆ వరస మారదు. లోపల ఒక్క క్షణం శబ్దం కోసినా పూర్తిగా మారిపోతుంది. దీనికి ఒక హద్దు ఉంది, దాన్ని లాయర్లే తరచూ మరిచిపోతారు. హ్యాష్ చెప్పేది, తీసిన రోజు నుంచి ఫైలు మారలేదని మాత్రమే. అంతకుముందు ఏం జరిగిందో అది చెప్పదు. 2023 జూన్ నాటి ఫైలుకు 2025లో హ్యాష్ తీస్తే, మధ్య కాలానికి వేరే సాక్ష్యం కావాలి.

మొత్తం రికార్డింగు పెట్టాలా?

కార్డులో ఉన్న పూర్తి రికార్డింగు 7 నిమిషాల 9 సెకన్లు. విన్నాక మా కక్షిదారు దాన్ని ఎందుకు కోశాడో అర్థమైంది. మూడో నిమిషంలో ఇలా ఉంది:

“ఆరు బస్తాలు తడిసే వచ్చాయి కదా. అవేం చేయమంటావు?”

“అవును షావుకారు గారూ, లారీ మీద పట్టా చిరిగింది. ఆ ఆరింటికీ సగం నేను భరిస్తాను. మిగతా యాభై నాలుగింటిలో పేరు పెట్టడానికి లేదు కదా.”

“లేదులే. అవి బాగానే ఉన్నాయి.”

మా వాడికి ఇది పెద్ద దెబ్బలా కనిపించింది. సరుకు తడిసిందని తన నోటితోనే ఒప్పుకున్నట్టు అవుతుందని భయం. కత్తిరించిన ముక్కకే ‘మంచి సర్టిఫికెట్’ తెచ్చిపెట్టమని పట్టుబట్టాడు.

నేను ఒప్పుకోకపోవడానికి నీతి ఒక్కటే కారణం కాదు. టేపు రికార్డింగుల విషయంలో 1973 నాటి మల్కానీ కేసు నుంచి, 1985 నాటి రామ్‌సింగ్ కేసు నుంచి కోర్టులు చూసేవి ఇవే: గొంతు ఎవరిదో గుర్తించాలి, రికార్డింగు కచ్చితమైనదని రుజువు కావాలి, చెరిపేసే లేదా మార్చే అవకాశం లేదని తేలాలి, మాటలు స్పష్టంగా వినిపించాలి, విషయానికి సంబంధం ఉండాలి. కోసిన ముక్క మూడో షరతు దగ్గరే ఓడిపోతుంది. ఎంత మంచి సర్టిఫికెట్ ఉన్నా అది కోసిన ముక్కకు నకలే అవుతుంది. ఇక కార్డు బయట ఉందని ప్రతివాదికి తెలిసిన రోజున, దాచారన్న మాట మా మీదికే వస్తుంది.

రెండో లెక్క ఇంకా ముఖ్యం. ప్రతివాది వాదన ‘సరుకంతా పాడైంది’ అని. రికార్డింగులో ఆయన నోటి నుంచే ‘ఆరు బస్తాలు’ అని, ‘మిగతావి బాగానే ఉన్నాయి’ అని వస్తోంది. ఆరు బస్తాల ధర 50,400. సగం భరించినా మేం వదులుకునేది 25,200. అంత వదులుకుంటే మిగిలిన 2,18,800కి ఆయన మాటే సాక్ష్యమవుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక మా వాడు మెత్తబడ్డాడు. దావాను సవరించి, ఆ 25,200 తగ్గించి అడిగాం. అడగకముందే తగ్గించుకున్న వాది మాటకు కోర్టులో బరువు పెరుగుతుంది. తీర్పులో దాని ప్రస్తావన కూడా వచ్చింది.

తనకు తెలియకుండా రికార్డు చేశారని ప్రతివాది అభ్యంతరం పెట్టాడు. మల్కానీ కేసులోనే దానికి జవాబుంది. సంపాదించిన పద్ధతి సరికాకపోయినా, విషయానికి సంబంధించినదైతే సాక్ష్యం పనికిరాకుండా పోదు. ఇక్కడ రికార్డు చేసింది సంభాషణలో ఉన్న మనిషే, మూడో వ్యక్తి కాదు. 2025 జూలైలో విభోర్ గర్గ్ కేసులో, భార్యాభర్తల మధ్య రహస్య రికార్డింగును కూడా వివాహ వివాదంలో చూడవచ్చని సుప్రీంకోర్టు అనడంతో ఆ అభ్యంతరానికి ఇంకా బలం తగ్గింది.

గొంతు, నంబరు, సెకన్లు

గొంతు పరీక్షకు ఫోరెన్సిక్ ల్యాబుకు పంపాలా అన్నది తర్వాతి నిర్ణయం. సివిల్ కోర్టు కమిషన్ వేసి శాస్త్రీయ పరీక్ష చేయించవచ్చు. కానీ పోల్చడానికి ఎదుటివాడి గొంతు నమూనా కావాలి. మేజిస్ట్రేటు నమూనా ఇమ్మని ఆదేశించవచ్చన్న 2019 నాటి రితేష్ సిన్హా తీర్పు క్రిమినల్ దర్యాప్తుకు సంబంధించినది. డబ్బు దావాలో ఆ బలవంతం దొరకదు. ఎంత కాలం పడుతుందో కూడా చెప్పలేం. అందుకని ముందు మామూలు దారి చూశాం. ఇద్దరితోనూ ఏళ్లుగా పని చేసిన లారీ డ్రైవరు ఒకడున్నాడు. వాడి ముందు రికార్డింగు వినిపించి, గొంతులు ఎవరివో చెప్పించాం. క్రాస్‌లో వాడు తడబడలేదు. లారీ పట్టా చిరిగిన సంగతి కూడా చెప్పాడు. తన తప్పు తానే చెప్పిన సాక్షిని జడ్జి నమ్మకుండా ఉండడం కష్టం.

దానికన్నా బలంగా పనిచేసింది కాల్ రికార్డు. అందులో మాటలు ఉండవు. ఏ నంబరు నుంచి ఏ నంబరుకు, ఎప్పుడు, ఎన్ని సెకన్లు అన్నది ఉంటుంది. టెలికాం కంపెనీలు ఈ రికార్డును కనీసం రెండేళ్లు ఉంచాలని 2021 డిసెంబరులో లైసెన్సు నిబంధన మార్చారు. కాల్ జరిగింది 2023 జూన్ 19న. కాబట్టి 2025 జూన్ దాటితే అది దొరక్కపోవచ్చు. సర్టిఫికెట్ల సంగతి పక్కన పెట్టి ముందు దీని మీదే పడ్డాం. రికార్డును భద్రపరిచి, సర్టిఫికెట్‌తో సహా కోర్టుకు పంపేలా కంపెనీకి సమన్లు ఇవ్వమని మార్చిలోనే పిటిషన్ వేశాం. నంబరు ఎవరి పేరున ఉందో చెప్పే దరఖాస్తు పత్రం కూడా అడిగాం.

వచ్చిన రికార్డులో ఆ రోజు రాత్రి 7:42కు ఒక కాల్ ఉంది, నిడివి 432 సెకన్లు. అంటే 7 నిమిషాల 12 సెకన్లు. మా రికార్డింగు 7 నిమిషాల 9 సెకన్లు. కాల్ ఎత్తాక యాప్ మొదలవడానికి పట్టే రెండు మూడు సెకన్ల తేడా అది. హ్యాష్ చెప్పలేని మధ్య కాలం గురించి ఈ లెక్క చెప్పింది. మధ్యలో ఏదైనా కోసి ఉంటే నిడివి ఇంత దగ్గరగా కలవదు. ఏదైనా అతికించి ఉంటే కాల్ కన్నా రికార్డింగు పెద్దదవుతుంది. ఇది వాట్సాప్ కాల్ అయి ఉంటే ఈ ఆధారం దొరికేది కాదు. ఆ కాల్స్ టెలికాం కంపెనీ రికార్డులో కాల్స్‌గా నమోదు కావు.

నంబరు ప్రతివాది బావమరిది పేరున ఉంది. “చూశారా, నాది కాదు” అన్నాడు ఆయన. సిమ్ ఎవరి పేరున ఉందన్నది ఒక సంగతి, ఎవరు వాడుతున్నారన్నది ఇంకొక సంగతి. మొదటి నుంచి మా దగ్గరున్న కాటా చీటీ ఇక్కడ పనికొచ్చింది. కర్మాగారం పేరు కింద అచ్చువేసిన రెండు నంబర్లలో అది ఒకటి. అన్ని పిటిషన్లకన్నా చవకైన రుజువు ఆ చీటీయే. ఇలాంటి కేసుల్లో ఫోను తెరిచే ముందు కాగితాలు వెతకమని చెప్పేది అందుకే.

చాట్లు

చాట్లను మూలంగా పెట్టే ప్రయత్నం చేయలేదు. కొత్త ఫోనులోనివి బ్యాకప్ ద్వారా వచ్చిన నకలని ‘ఎ’ భాగంలో దాచకుండా రాశాం. పాత ఫోను, దాని ఐఎంఈఐ, తెర పోయిన తేదీ, బ్యాకప్ జరిగిన ఖాతా, కొత్త ఫోను వివరం, ఏ ఫైలుకు ఏ హ్యాష్ అన్నీ ఉన్నాయి. తెర పోవడం సంభాషణలు నమోదైన తర్వాత జరిగిందని, దానివల్ల రికార్డుకు తేడా రాలేదని కూడా చెప్పాం. పరికరం సరిగా పనిచేసిందని చెప్పడం ఈ సర్టిఫికెట్‌లో ఉండాల్సిన మాటే. పగిలిన ఫోను గురించి మౌనంగా ఉంటే తర్వాత క్రాస్‌లో అదే గొంతుకు అడ్డం పడుతుంది.

స్క్రీన్‌షాట్లు మళ్లీ తీయించాం. ఈసారి సంభాషణ మొదటి మెసేజీ నుంచి చివరిదాకా, మధ్యలో ఒక్క తెర కూడా వదలకుండా తీశాం. కాంటాక్ట్ వివరం తెరిచి నంబరు కనిపించే తెరను కూడా చేర్చాం. కొత్త ఫోనును కోర్టులో చూపించి, జడ్జి ముందే మెసేజీలు తెరిచి ప్రింట్లతో సరిచూసుకోవడానికి వీలిచ్చాం.

చాట్‌కు రెండో కొన కూడా ఉంటుంది. ఎదుటివాడి ఫోనులోనూ అదే సంభాషణ ఉండాలి కదా. దాన్ని చూపించమని నోటీసు ఇచ్చి, కోర్టును కూడా అడిగాం. ఫోను పోయిందని జవాబు వచ్చింది. పోలీసు ఫిర్యాదు ఏదని అడిగితే లేదన్నాడు. చేతిలో ఉండాల్సిన సాక్ష్యాన్ని చూపించనివాడికి అది వ్యతిరేకంగా ఉంటుందని కోర్టు అనుకోవచ్చు. పాత చట్టంలో 114వ సెక్షన్ కింద ఉన్న ఆ సూత్రం ఇప్పుడు 119లో ఉంది. అది ‘అనుకోవచ్చు’ మాత్రమే, అనుకుని తీరాలని కాదు. అందుకని దాని మీదే కూర్చోలేదు. మే నెలలో ఒక మెసేజీ ఉంది: ‘2,60,000 వేశాను, చూసుకో.’ అదే రోజు, ఆ మెసేజీకి కాసేపటి ముందు, ప్రతివాది కర్మాగారం ఖాతా నుంచి అంతే మొత్తం వచ్చినట్టు బ్యాంకు స్టేట్‌మెంటులో ఉంది. దాన్ని బ్యాంకు పుస్తకాల సాక్ష్య చట్టం కింద సర్టిఫికెట్‌తో తెప్పించాం. ఆ నంబరు వేరెవరిదో అయితే ఈ సంగతి వాళ్లకు ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు ప్రతివాది దగ్గర జవాబు లేకపోయింది.

భాష సమస్య కూడా ఉంది, అది విసుగు పుట్టించేదే తప్ప క్లిష్టమైనది కాదు. జడ్జికి తెలుగు రాదు. చాట్లను, రికార్డింగును నిమిషాలవారీగా తెలుగు లిపిలో రాయించి, పక్కన ఇంగ్లీషు అనువాదం పెట్టి, ముందే ఎదుటి పక్షానికి ఇచ్చాం. తప్పుంటే ఇప్పుడే చెప్పమన్నాం. రెండు చిన్న సవరణలు అడిగారు, ఒప్పుకున్నాం.

వారి ఫొటోలు

ప్రతివాది పెట్టిన ఫొటోల్లో బూజు పట్టిన పిక్కల బస్తాలు గుట్టగా ఉన్నాయి. సరుకు దిగిన రోజే, అంటే ఏప్రిల్ 29న తీసినవని ఆయన చెప్పాడు. వాటికి ‘ఎ’, ‘బి’ రెండు భాగాల సర్టిఫికెట్ ఉంది, నిజానికి మా మొదటి దానికన్నా శుభ్రంగా ఉంది. వాటిని మార్క్ చేయకుండా ఆపాలని నేను ప్రయత్నించలేదు. మార్క్ కావడం వేరు, నమ్మడం వేరు. సర్టిఫికెట్ చెప్పేది ఆ ఫొటోలు ఆయన ఫోనులో ఉన్నాయని. అవి ఎప్పుడు, ఎక్కడ తీశారో అది చెప్పదు.

పెన్‌డ్రైవులో ఇచ్చిన ఫైళ్ల పేర్లు చూస్తే ఒకటి `IMG-20230711-WA0012.jpg`. ఫోనులో వాట్సాప్ ఫొటోలకు పెట్టే పేరు తీరు అది, మధ్యలో ఉన్నది తేదీ. వాట్సాప్ మామూలు పద్ధతిలో ఫొటో పంపితే దాన్ని కుదించి, కెమెరా రాసిన తేదీ, చోటు వంటి వివరాలను తీసేస్తుంది. కాబట్టి ఫైలు లోపల తీసిన తేదీ దొరకదు. ఫైలు పేరు ఎవరైనా మార్చగలిగేదే, దాన్నే రుజువుగా చూపితే మా టెక్స్ట్ ఫైలుకు పట్టిన గతే దానికీ పడుతుంది. అందుకని దాన్ని ప్రశ్నలకు వాడుకున్నాను. ఫొటో తీసింది ఎవరని అడిగితే గోదాములో పనివాడన్నాడు. ఎలా వచ్చిందంటే వాట్సాప్‌లో అన్నాడు. ఎప్పుడని అడిగి ఫైలు పేరు చూపితే, జూలైలో అయి ఉండొచ్చన్నాడు. ఆ పనివాడి ఫోనులోని అసలు ఫొటో తేగలరా అంటే, అతను మానేశాడన్నాడు.

జూన్ 19న ఆయనే ఆరు తప్ప మిగతావి బాగున్నాయని అన్నట్టు రికార్డింగులో ఉంది. ఫొటోలు జూలై 11న చేతులు మారాయి. మధ్యలో వానలు మొదలయ్యాయి, సరుకు ఆయన గోదాములోనే ఉంది. ఫొటోలోని బూజు నిజమే కావచ్చు, అది మా వాడి లారీలో పట్టిందని మాత్రం అవి చెప్పలేకపోయాయి.

తీర్పు, ఆ తర్వాత

కొత్త పత్రాలు దాఖలు చేయడానికి, వాదిని మళ్లీ బోనెక్కించడానికి కోర్టు ఖర్చులతో అనుమతిచ్చింది. చివరికి 2,18,800కి డిక్రీ వచ్చింది. తీర్పులో చాట్లకు దక్కిన చోటు తక్కువ. బ్యాంకు స్టేట్‌మెంటుతో కలిసిన మేరకే వాటిని నమ్ముతున్నానని జడ్జి రాశారు. రికార్డింగును కాల్ నిడివితో, డ్రైవరు మాటతో కలిపి ప్రధాన ఆధారంగా తీసుకున్నారు. ఫొటోలు తేదీ రుజువు కాలేదని పక్కన పెట్టారు.

ప్రతివాది అప్పీలు వేశాడు. మొదటి కారణం ‘బి’ భాగం గురించి. మా నిపుణుడు సైబర్ ఫోరెన్సిక్స్ చదివిన ప్రైవేటు వ్యక్తి. ఐటీ చట్టం 79ఎ కింద ప్రభుత్వం నోటిఫై చేసిన పరీక్షకుడు కాడు. 63వ సెక్షన్ ‘నిపుణుడు’ అని మాత్రమే అంటుంది, ఎవరన్నది విడమరచదు. 39వ సెక్షన్ మాత్రం 79ఎ పరీక్షకుడి అభిప్రాయాన్ని ప్రస్తావిస్తుంది. రెండింటినీ కలిపి చదవాలని వారి వాదన. నోటిఫై అయినవి ప్రభుత్వ ల్యాబులు, మామూలుగా అవి ప్రైవేటు కక్షిదారు నేరుగా తెచ్చే ఫోను పుచ్చుకోవు, అలా చదివితే సివిల్ దావాలో ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేరని మా జవాబు. ఏ వైపు తేలినా ఆశ్చర్యం లేదు.

అందుకే విచారణ కోర్టులోనే రెండో కాలు కూడా మోపి ఉంచాం. మెమరీ కార్డును, పాత ఫోనును నకళ్లతో పాటు వాది స్వయంగా బోనెక్కి దాఖలు చేశాడు. రికార్డింగు ఆ కార్డులోనే పుట్టిందని, అప్పటి నుంచి తన దగ్గరే ఉందని ప్రమాణం మీద చెప్పాడు. ఆ మాట మీద క్రాస్‌లో ఒక్క ప్రశ్న కూడా రాలేదు. నిపుణుడి సంతకం చెల్లదని పై కోర్టు అన్నా, కార్డు మూలంగానే మిగులుతుందన్నది మా వాదన. చాట్లకు ఆ రక్షణ లేదు. అవి పోతే బ్యాంకు స్టేట్‌మెంటు, కాటా చీటీ, కాల్ రికార్డు మీద నిలబడాల్సి ఉంటుంది. అప్పీలులో మా రాతపూర్వక వాదనను అదే వరసలో రాసుకున్నాం. కార్డు ముందు, చాట్లు చివర.